పరమాణువుల లెక్క సరిపోయింది, బ్యూరెట్ ఒప్పుకోలేదు

బ్యూరెట్‌లోంచి 20 మిల్లీలీటర్లు దిగేసరికి కోనికల్ ఫ్లాస్కులో లేత గులాబీ రంగు నిలిచిపోయింది. రసాయన సమీకరణాలను తుల్యం చేయడానికి నేను రాసుకున్న ప్రోగ్రామ్ ఇచ్చిన సమీకరణం ప్రకారమైతే 100 మిల్లీలీటర్లు పట్టాలి. బ్యూరెట్ మొత్తం కలిపితేనే 50. ఫ్లాస్కులో ఉన్నది గాఢత ముందే తెలిసిన హైడ్రోజన్ పెరాక్సైడ్ ద్రావణం, 0.1 మోలార్, 10 మిల్లీలీటర్లు. బ్యూరెట్‌లో 0.02 మోలార్ పర్మాంగనేట్. కొలతల్లో తప్పు లేదు. తప్పు సమీకరణంలో ఉంది, కానీ దాన్ని ఎన్నిసార్లు సరిచూసినా రెండు వైపులా పరమాణువులు ఒక్కటీ తేడా రావడం లేదు. ఆ తప్పేమిటో తేలడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ప్రోగ్రామ్ వెనుక ఆలోచన తేలికైనదే. ఒక్కో పదార్థానికి ఒక నిలువు వరుస, ఒక్కో మూలకానికి ఒక అడ్డు వరుస. ఆ పదార్థంలో ఆ మూలకం పరమాణువులు ఎన్ని ఉంటే ఆ సంఖ్య అక్కడ వేస్తాం. ఉత్పన్నాల నిలువు వరుసలకు మైనస్ గుర్తు పెడతాం. ఇప్పుడు ఈ మాత్రికను ఏ గుణకాలతో గుణిస్తే అన్ని అడ్డు వరుసల్లోనూ సున్నా వస్తుందో, అవే తుల్య సమీకరణంలోని గుణకాలు. అలాంటి గుణకాల జాబితా ఒక్కొక్కటీ ఒక సదిశ, అలాంటి సదిశలన్నీ కలిసి ఉండే చోటే నల్ స్పేస్.

మొదట పర్మాంగనేట్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల చర్య మీద ప్రయత్నించాను. KMnO4, HCl, KCl, MnCl2, H2O, Cl2 అని ఆరు పదార్థాలు, ఐదు మూలకాలు. ర్యాంకు, అంటే స్వతంత్రమైన అడ్డు వరుసల సంఖ్య, 5. నల్ స్పేస్‌లో మిగిలేది ఒకే దిశ. పైథాన్ గణిత లైబ్రరీ `sympy` దాన్ని 2/5, 16/5, 2/5, 2/5, 8/5, 1 అని ఇచ్చింది. హారాల క.సా.గు. 5తో గుణిస్తే 2, 16, 2, 2, 8, 5. చేత్తో చేస్తే కాగితం నిండిపోయే సమీకరణం క్షణంలో వచ్చేసింది. ఆ సంతోషంలో ప్రోగ్రామ్‌లో ఒక నిర్ణయం తీసుకున్నాను: నల్ స్పేస్‌లో వచ్చిన మొదటి సదిశే జవాబు.

తర్వాత పెట్టినది ఆమ్ల మాధ్యమంలో పెరాక్సైడ్ చర్య. నిలువు వరుసలు ఎడమ నుంచి కుడికి KMnO4, H2O2, H2SO4, K2SO4, MnSO4, H2O, O2.

```python
from sympy import Matrix
A = Matrix([
    [1, 0, 0, -2,  0,  0,  0],  # K
    [1, 0, 0,  0, -1,  0,  0],  # Mn
    [0, 0, 1, -1, -1,  0,  0],  # S
    [0, 2, 2,  0,  0, -2,  0],  # H
    [4, 2, 4, -4, -4, -1, -2],  # O
])
for v in A.nullspace():
    print(v.T)
```

వచ్చిన ఫలితం ఇది:

```
Matrix([[-1, 5/2, -3/2, -1/2, -1, 1, 0]])
Matrix([[2, -3, 3, 1, 2, 0, 1]])
```

ఒకటికి బదులు రెండు సదిశలు, రెండింటిలోనూ మైనస్ సంఖ్యలు. గుణకం మైనస్ అయితే ఆ పదార్థం బాణానికి అవతలి వైపుకు వెళ్లిందని అర్థం. రెండో సదిశను అలా చదివితే పర్మాంగనేట్, ఆమ్లం కలిసి పెరాక్సైడ్‌ను తయారు చేస్తున్నాయి! పరమాణువులు మాత్రం అక్కడా సరిపోతాయి. అన్నీ ధన పూర్ణాంకాలు అయ్యేలా రెండింటినీ కలిపి, వాటిలో అతి చిన్నవి ఏరుకోమని ప్రోగ్రామ్‌కు చెప్పాను. అప్పుడు వచ్చింది:

2KMnO4 + H2O2 + 3H2SO4 → K2SO4 + 2MnSO4 + 4H2O + 3O2

లెక్కపెట్టి చూడండి. ఆక్సిజన్ అటు 22, ఇటు 22. హైడ్రోజన్ 8, 8. ఎక్కడా లోపం లేదు. దీని ప్రకారం ఒక మోల్ పెరాక్సైడ్‌కు రెండు మోల్‌ల పర్మాంగనేట్ కావాలి. ఫ్లాస్కులో ఉన్నది ఒక మిల్లీమోల్ కాబట్టి 100 మిల్లీలీటర్లు. అయితే 20 దగ్గరే గులాబీ రంగు నిలిచింది, అంటే ఖర్చయిన పర్మాంగనేట్ 0.4 మిల్లీమోల్. నిష్పత్తి 2కు 5.

ల్యాబ్‌లో మా మేడమ్‌కు చూపించాను. ఆవిడ సమీకరణం కేసి చూసి ఒక్క ప్రశ్న వేశారు: "బయటికొచ్చే ఆ ఆక్సిజన్ ఎందులోంచి వస్తోందో నీ మాత్రికకు ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు మేడమ్. దానికి O అంటే O అంతే."

"అయితే అక్కణ్ణుంచి మొదలుపెట్టు."

కాగితం మీద రెండు సదిశలనూ అటూ ఇటూ కలుపుతూ కూర్చున్నాను. K2SO4 గుణకాన్ని సున్నా చేస్తే మాంగనీస్, గంధకం మొత్తం మాయమై 2H2O2 → 2H2O + O2 మిగిలింది. అంటే పెరాక్సైడ్ తనంతట తాను విడిపోవడం. పెరాక్సైడ్ గుణకాన్ని సున్నా చేస్తే 4KMnO4 + 6H2SO4 → 2K2SO4 + 4MnSO4 + 6H2O + 5O2 వచ్చింది. ఆ ఏడు పదార్థాల జాబితాలో ఒకటికి రెండు స్వతంత్ర చర్యలు ఇమిడి ఉన్నాయన్నమాట. వీటిని ఏ పాళ్లలో కలిపినా పరమాణువులు తుల్యంగానే ఉంటాయి. K2SO4కు 1, పెరాక్సైడ్‌కు 1, 3, 5, 7 ఇలా ఏ బేసి సంఖ్య పెట్టినా సరైనట్టే కనిపించే సమీకరణం వస్తుంది. వాటిలో అసలుదాన్ని ఎంచడానికి కావలసిన సమాచారం ఆ మాత్రికలో లేనే లేదు. అతి చిన్న సంఖ్యలు ఏరుకోవాలన్న నియమం నేను పెట్టుకున్నది, రసాయన శాస్త్రం పెట్టింది కాదు.

అయాన్ల రూపంలో రాసి, ఆవేశానికి ఒక అడ్డు వరుస చేరిస్తే తేలుతుందేమో అనుకున్నాను. MnO4⁻, H2O2, H⁺, Mn²⁺, H2O, O2 అని ఆరు పదార్థాలు. Mn, O, H, ఆవేశం అని నాలుగు వరుసలు. ఆరులోంచి నాలుగు పోతే మళ్లీ రెండే. పెరాక్సైడ్ విడిపోయే చర్యలో ఆవేశం రెండు వైపులా సున్నాయే కాబట్టి ఈ కొత్త వరుస దాన్ని ఆపలేదు.

ఆపింది ఎలక్ట్రాన్ల లెక్క. మాంగనీస్ +7 నుంచి +2కు దిగుతూ 5 ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది. పెరాక్సైడ్‌లో ఆక్సిజన్ −1 నుంచి సున్నాకు ఎక్కుతుంది, అణువులో రెండు ఉన్నాయి కాబట్టి 2 ఎలక్ట్రాన్లు ఇస్తుంది. ఇచ్చినవీ తీసుకున్నవీ సమానం కావాలంటే KMnO4 గుణకానికి 5 రెట్లు, H2O2 గుణకానికి 2 రెట్లు సమానం కావాలి. ఆరో వరుసగా `[5, -2, 0, 0, 0, 0, 0]` చేర్చగానే ర్యాంకు 6 అయింది, ఒకే సదిశ మిగిలింది. దాన్ని 5తో గుణిస్తే:

2KMnO4 + 5H2O2 + 3H2SO4 → K2SO4 + 2MnSO4 + 8H2O + 5O2

బ్యూరెట్ చూపించిన నిష్పత్తి ఇదే.

మేడమ్ ప్రశ్నకు మాత్రం ఇంకా జవాబు చెప్పినట్టు అనిపించలేదు. ఎలక్ట్రాన్ల వరుస రాయాలంటే ఏది ఆక్సీకరణం చెందుతోందో నాకు ముందే తెలిసుండాలి. నాకు ఎక్కువ నచ్చిన దారి రెండోది. ఆక్సిజన్-18తో గుర్తుపెట్టి చేసిన ప్రయోగాల్లో, విడుదలయ్యే O2 లోని రెండు పరమాణువులూ పెరాక్సైడ్‌లోంచే వస్తాయని తేలింది. అయితే పెరాక్సైడ్ ఆక్సిజన్‌ను వేరే మూలకంలా చూడొచ్చు. O వరుసను రెండుగా చీల్చాను: H2O2, O2 లకు మాత్రమే సంఖ్యలున్న వరుస ఒకటి, మిగతా ఆక్సిజన్‌కు ఇంకొకటి. మొదటి వరుస వల్ల H2O2, O2 గుణకాలు సమానమయ్యాయి. పర్మాంగనేట్, ఆమ్లాల్లోని ఆక్సిజన్‌లో సల్ఫేట్లకు పోయినది పోగా మిగిలిందంతా నీరు కావాలి కాబట్టి నీటికి 8 వచ్చింది. ఎలక్ట్రాన్ల ఊసే లేకుండా మళ్లీ 2, 5, 3, 1, 2, 8, 5.

ఇప్పుడు నా ప్రోగ్రామ్ జవాబు చెప్పే ముందు నల్ స్పేస్‌లో ఎన్ని సదిశలున్నాయో చూస్తుంది. ఒక్కటీ లేకపోతే ఏదో పదార్థం జాబితాలో రాయడం మరిచిపోయామని అర్థం. ఒకటే ఉంటే గుణకాలు ఇస్తుంది. రెండు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే గుణకాలు ఇవ్వదు. ఆ సదిశలను విడివిడి చర్యలుగా రాసి చూపించి, ఇంకో అడ్డు వరుస అడిగి ఆగిపోతుంది.