అద్దె కంటే మెనూ దెబ్బే పెద్దది

తిరుపతి బస్టాండు దగ్గర ఒక హోటల్ అనుకుందాం. 60 రూపాయల దోసెకు పిండి, నూనె, గ్యాస్, పార్సిల్ కవరు ఖర్చు పోను 36 మిగులుతుంది. ఈ కాంట్రిబ్యూషన్ 60 శాతం. 120 రూపాయల భోజనంలో మిగిలేది 48, అంటే 40 శాతమే. అమ్మకం రూపాయల్లో రెండూ సగం సగమైతే సగటు 50 శాతం. అద్దె, జీతాలు అన్నీ కలిపి నెలకు 2,40,000 అయితే, బ్రేక్ ఈవెన్, అంటే లాభం నష్టం లేకుండా గట్టెక్కే నెల అమ్మకం, 4,80,000.

అద్దె 15,000 పెరిగితే అది 5,10,000 అవుతుంది. అందరూ గుండెలు బాదుకునేది దీనికే. దానిపైన భోజనాల వాటా 75 శాతానికి చేరితే సగటు 45కు పడిపోతుంది, దాదాపు 5,67,000 అమ్మితే గానీ గట్టెక్కరు. గల్లాపెట్టె నిండుగానే ఉంటుంది కాబట్టి ఈ వాటా మార్పు కంటికి కనబడదు. అందుకే వాటాను ప్లేట్లలో కాదు, అమ్మకం రూపాయల్లో నెలనెలా రాసుకోవాలి.