"విసుగ్గా ఉందమ్మా" అన్నాను, అంతే

మెడకు కుడివైపు ఉసిరికాయంత గడ్డ లేచింది. నొప్పి లేదు, జ్వరం లేదు. సూది పెట్టి తీసిన పరీక్షలో గ్రంథుల టీబీ అని తేలింది. ఛాతీ ఎక్స్‌రే బాగానే ఉంది కాబట్టి నా నుంచి ఇంట్లో వాళ్లకు అంటుకునే భయం లేదన్నారు. మా మూసాపేట దగ్గరి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలోనే మందులు మొదలుపెట్టారు. మాత్రల సంఖ్య బరువును బట్టి ఉంటుంది. నేను 58 కిలోలు కాబట్టి రోజుకు నాలుగు, పొద్దున పరగడుపున. ఒక్కో మాత్రలో నాలుగు మందులు కలిసి ఉంటాయి. రెండు నెలల తర్వాత అందులో ఒకటి తీసేసి, మిగిలిన మూడూ ఇంకో నాలుగు నెలలు ఇస్తారు. మొదటి రోజే డాక్టర్ ఇంకో మాట కూడా చెప్పారు: "మూత్రం నారింజ రంగులో వస్తుంది. రిఫాంపిసిన్ అనే మందు వల్ల. కంగారుపడకండి."

కంగారుపడలేదు. ఆ రంగు గురించి మళ్లీ ఆలోచించనే లేదు.

రెండో నెల సగంలో ఒంట్లో ఏదో తేడా మొదలైంది. ఫలానాది అని చెప్పడానికి ఏమీ లేదు. ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూలబడేవాణ్ని. "ఎందుకో విసుగొస్తోందే" అన్నాను మా ఆవిడతో. "క్యారెట్, బీట్‌రూట్ జ్యూస్ మానేశారు, అందుకే" అంది. మర్నాటి నుంచి జ్యూస్ వచ్చింది. బావమరిదితో అంటే "వాకింగ్ చేయండి బావా, అంతా సర్దుకుంటుంది" అన్నాడు. ఆఫీసులో ఒకాయన తనకు డెంగీ వచ్చినప్పటి నీరసం గురించి అరగంట చెప్పాడు. వాళ్ల ప్రేమను తప్పు పట్టను. కానీ ప్రతి సలహాతో మాట అక్కడికక్కడే ఆగిపోయేది. నేను "సరే" అనేవాణ్ని. పైగా జ్యూస్ తాగానా, నడిచానా అని సాయంత్రం లెక్క చెప్పాల్సిన పని ఒకటి కొత్తగా తగిలింది. కొన్నాళ్లకు విసుగొస్తోందని చెప్పడమే మానేశాను.

ఆశ కార్యకర్త వారానికోసారి వచ్చి, ఖాళీ అయిన మాత్రల అట్టలు చూసి కార్డు నింపుకునేది. ముప్పై ఏళ్లుంటాయేమో. ఆ రోజు "ఎట్లున్నది అన్నా?" అంది. అలవాటుగా "బానే ఉంది" అని, "ఏదో విసుగ్గా ఉందమ్మా" అని చేర్చాను. నేను ఏమీ అడగలేదు. ఆమె కూడా ఏమీ చెప్పలేదు. పెన్నుకు క్యాప్ పెట్టింది. కార్డు సంచిలో పెట్టేసి కుర్చీలో వెనక్కి ఆనింది.

"విసుగు..." అంది నా మాటే, సగంలో వదిలేసి.

కాసేపు ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ ఖాళీని భరించలేక నేనే మొదలుపెట్టాను. పొద్దున కళ్లు తెరవగానే మాత్రల డబ్బా కనిపిస్తే కడుపులో తిప్పినట్టవుతోందన్నాను. "ఊఁ" అంది. సెంటర్‌లో ఇరానీ చాయ్ లేనిదే నాకు తెల్లారేది కాదు, ఇప్పుడు ఆ వాసనకే పక్క రోడ్డులో తిరిగి వెళ్తున్నానన్నాను. వంటింట్లో తాలింపు వేస్తే బాల్కనీలోకి పోతున్నానన్నాను. వంటింట్లోంచి మా ఆవిడ "అల్లం రసం ఇవ్వనా?" అంటూ వచ్చింది. "ఒక్క నిమిషం వదినా, అన్నను చెప్పనియ్యి" అంది ఆమె, మెల్లగా. మా ఆవిడ అక్కడే చాప మీద కూర్చుంది.

అప్పుడు ఇంకోటి బయటికొచ్చింది. అమ్మాయికి కుత్బుల్లాపూర్ సంబంధం దాదాపు ఖాయమైంది. వాళ్లకు నా జబ్బు సంగతి చెప్పలేదు. మెడ మీద గడ్డ కనబడకుండా ఎండాకాలంలో కాలర్ గుండీ పెట్టుకుని తిరుగుతున్నాను. ఈ మాట మా ఆవిడతో కూడా అనలేదు. చెబుతుంటే గొంతు పూడుకుపోయింది. ఆశ కార్యకర్త "ఏం కాదన్నా" అనలేదు. టీబీ తగ్గిపోయే జబ్బే కదా అని పాఠం చెప్పలేదు. "ఇది కూడా మోస్తున్నవన్నట్టు" అంది. అంతే.

నేను పూర్తిగా ఆగిపోయాక అడిగింది, రెండే ప్రశ్నలు. "వాంతి వచ్చేటట్టు ఉండుడు మాత్ర వేసుకున్నంక కాసేపేనా, రోజంతనా?" రోజంతా అన్నాను. "మూత్రం రాత్రి పండుకునే ముందు కూడా అదే రంగు ఉంటున్నదా?"

రెండో ప్రశ్న ఎందుకో నాకు తర్వాత అర్థమైంది. రిఫాంపిసిన్ రంగు మాత్ర వేసుకున్న కొన్ని గంటలు బాగా కనిపించి, పొద్దు గడిచేకొద్దీ పలచబడుతుంది. కామెర్ల రంగు డికాషన్‌లా ముదురుగా రాత్రి దాకా అలాగే ఉంటుంది. నాది రాత్రి కూడా ముదురుగానే ఉంటోంది. ఆమె నా కనురెప్ప కిందికి లాగి చూసింది. ట్యూబ్‌లైట్ వెలుగులో తేలలేదో ఏమో, ఏమీ అనలేదు. అక్కడే కూర్చుని డాక్టర్‌కు ఫోన్ చేసింది. "రేపు పొద్దున మాత్రలు వేసుకోకముందే వచ్చెయ్, రక్తం తీస్తరు. పరగడుపున గోళీలు మింగి రాకు."

లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎస్‌జీపీటీ 312 వచ్చింది. 40 దాకా మామూలు. కామెర్లప్పుడు పెరిగే బిలిరుబిన్ కూడా పెరిగింది. టీబీ మందుల వల్ల లివర్ వాచిందన్నారు. లక్షణాలు ఉన్నప్పుడు ఎస్‌జీపీటీ మామూలు కంటే మూడు రెట్లు దాటితే మందులు ఆపేస్తారు. లక్షణాలు లేకపోతే ఐదు రెట్ల దాకా చూస్తారు. నా విషయంలో వికారం, ఆకలి లేకపోవడం అనేవి లక్షణాలుగా లెక్కలోకి వచ్చాయి. నేను వాటిని విసుగు ఖాతాలో వేసుకున్నాను కాబట్టి అప్పటిదాకా ఏ కాగితం మీదా అవి లేవు. హెపటైటిస్ బీ, సీ పరీక్షలు కూడా చేసి, అవి లేవని చూసుకున్నారు.

లివర్‌కు పడని మందులు ఆ నాలుగింటిలో మూడు: రిఫాంపిసిన్, ఐసోనియాజిడ్, పైరజినమైడ్. అన్నీ ఆపి, వారం వారం రక్తం చూశారు. గ్రంథుల టీబీ కాబట్టి ఆ కొద్ది వారాల విరామం ప్రమాదం కాదన్నారు. బంధువొకాయన నేల ఉసిరి పసరు తెచ్చాడు. డాక్టర్ వద్దన్నారు: తగ్గితే దేనివల్ల తగ్గిందో, పెరిగితే దేనివల్ల పెరిగిందో తెలియకుండా పోతుందని. ఎస్‌జీపీటీ మామూలు కంటే రెండు రెట్ల లోపుకు దిగాక మందుల్ని విడివిడిగా మొదలుపెట్టారు. ముందు రిఫాంపిసిన్, దానికి తోడు లివర్ జోలికి అంతగా పోని ఇథాంబుటాల్. కొన్ని రోజులాగి రక్తం చూసి ఐసోనియాజిడ్. పైరజినమైడ్‌ను మళ్లీ ముట్టుకోలేదు. అది లేనందుకు ఆరు నెలల కోర్సు తొమ్మిది నెలలకు పెరిగింది.

వికారం మందులు ఆపిన వారం రోజుల్లోనే తగ్గుముఖం పట్టింది. ఒక సాయంత్రం తాలింపు వాసనకు ఆకలేసింది. నీరసం మాత్రం అంత తొందరగా పోలేదు. ఎస్‌జీపీటీ మామూలుకు వచ్చాక కూడా చాలా రోజులు మెట్లెక్కితే కాళ్లు లాగేవి.

సంబంధం విషయంలో ఆశ కార్యకర్త ఎప్పుడూ ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. వచ్చినప్పుడు "ఆ ముచ్చట ఎట్లున్నది?" అని మాత్రం అనేది. ఉన్నదున్నట్టు చెప్పేవాణ్ని, వినేది. చాప మీద కూర్చుని అంతా విన్న మా ఆవిడ కూడా ఆ రాత్రి ఏం చేద్దామని అడగలేదు. రెండు రోజుల తర్వాత "వాళ్లతో మీరు మాట్లాడతారా, నేను మాట్లాడనా?" అంది. నేనే మాట్లాడాను, మందులు మళ్లీ కుదురుకున్నాక. అబ్బాయి తండ్రి కాసేపు మౌనంగా ఉండి, అంటుకుంటుందా అని అడిగాడు. ఈ రకం అంటుకోదని చెప్పాను, ఎక్స్‌రే రిపోర్టు చూపించాను. పెళ్లి కోర్సు అయిపోయాక పెట్టుకుందామన్నాడు. అలాగే పెట్టుకున్నాం.

మెడలో బఠాణీ గింజంత గట్టిగా ఇంకా తగులుతుంది. కోర్సు అయ్యాక కూడా కొందరికి అలా మిగిలిపోతుందట, పెరిగితేనో మెత్తబడితేనో రమ్మన్నారు.