డీ అండ్ సీ తర్వాత పీరియడ్స్ తగ్గిపోతే: నా హిస్టెరోస్కోపీ అనుభవం

అబార్షన్ అయ్యాక గర్భసంచి లోపల గీకి శుభ్రం చేసే డీ అండ్ సీ చేశారు. ఆ తర్వాత పీరియడ్స్ వచ్చేవి గానీ ఒక్క ప్యాడ్ కూడా నిండేది కాదు. పొత్తికడుపు నొప్పి మాత్రం నెలనెలా టంచనుగా వచ్చేది. ఒంట్లో రక్తం లేదని మా అత్తయ్య దానిమ్మకాయలు ఒలిచి పెట్టేది. హార్మోన్ పరీక్షలన్నీ నార్మల్.

చివరికి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక డాక్టరమ్మ, "బ్లీడింగ్ తగ్గింది డీ అండ్ సీకి ముందా, తర్వాతా?" అని అడిగారు. తర్వాతే అన్నాను. హార్మోన్లు బాగుండి, నొప్పి వస్తూ, బ్లీడింగ్ తగ్గిందంటే గర్భసంచి లోపలి గోడలు ఒకదానికొకటి అతుక్కుని ఉండొచ్చన్నారు. స్కాన్‌లో గర్భసంచి లోపలి పొర 4 మిల్లీమీటర్లే ఉంది, అదీ మధ్యమధ్యలో తెగినట్టు.

పీరియడ్ ఆగిన వెంటనే హిస్టెరోస్కోపీ పెట్టారు. అప్పుడు పొర పలచగా ఉండి లోపల స్పష్టంగా కనిపిస్తుందట. పరగడుపున రమ్మన్నారు, మత్తు ఇచ్చారు. పొట్ట మీద కోత లేదు. కిందినుంచే సన్నటి కెమెరా పంపి, సెలైన్‌తో గర్భసంచిని కాస్త ఉబ్బించి చూస్తారు. తర్వాత వీడియో చూపించారు: ముందు గోడ నుంచి వెనక గోడకి తెల్లటి పీచుల్లాంటి పట్టీలు. వాటిని చిన్న కత్తెరతోనే కత్తిరించారు. కరెంటు వాడితే ఆ వేడికి మిగిలిన మంచి పొర కూడా దెబ్బతినొచ్చని చెప్పారు. టీబీ వల్ల కూడా ఇలా అతుక్కోవచ్చు కాబట్టి చిన్న ముక్క పరీక్షకు పంపారు. టీబీ లేదని వచ్చేదాకా టెన్షనే.

పక్క బెడ్ ఆవిడది పాలిప్, అంటే గర్భసంచి లోపల పెరిగిన చిన్న కండ. తీసేసి సాయంత్రమే ఇంటికి పంపేశారు. నాకు అసలు పని ఆ తర్వాతే మొదలైంది, ఎందుకంటే కత్తిరించిన చోట మళ్లీ అతుక్కుంటుంది. గోడలు తాకకుండా లోపల చిన్న బెలూన్ కొన్నాళ్లు ఉంచారు, అది ఉన్నంతసేపూ కడుపులో మెలిపెట్టినట్టే ఉండేది. పొర పెరగడానికి ఈస్ట్రోజన్ మాత్రలు, చివర్లో ప్రొజెస్టెరాన్ కలిపి ఇచ్చారు. వికారంగా ఉండేది. జ్వరం, వాసనతో తెల్లబట్ట, గంటకో ప్యాడ్ తడిసేంత బ్లీడింగ్, వీటిలో ఏది కనిపించినా వెంటనే రమ్మన్నారు.

తర్వాత కెమెరాతో మళ్లీ చూస్తే ఒక మూల పలచటి పొరలాంటిది అతుక్కుని ఉంది. లేత అతుకు కావడంతో కెమెరా కొనతోనే విడిపోయింది. ఇది ముదిరితే మళ్లీ కత్తెరే. ఇప్పుడు పీరియడ్స్ దాదాపు మునుపటిలా వస్తున్నాయి, లోపలి పొర 7 మిల్లీమీటర్లకు చేరింది.

డాక్టరమ్మ ఒకటి దాచకుండా చెప్పారు: పట్టీలు తీసేయగలం గానీ, గీకేసినప్పుడు అడుగు పొర పోయిన చోట కొత్తది మొలిపించలేం. అతుకులు కొద్దిగా ఉన్నవాళ్లకి గర్భం నిలిచే అవకాశం ఎక్కువ, బాగా మూసుకుపోయినవాళ్లకి తక్కువ. నాది మధ్యరకం. ట్యూబులు, మావారి వీర్య పరీక్ష కూడా బాగానే ఉన్నాయి కాబట్టి కొన్నాళ్లు మామూలుగానే ప్రయత్నించమన్నారు. గర్భం వస్తే మొదటి విజిట్‌లోనే ఈ ఆపరేషన్ సంగతి చెప్పాలట. ఇలాంటివాళ్లలో మాయ గర్భసంచి గోడకు లోతుగా అతుక్కునే ప్రమాదం ఉంది కాబట్టి, స్కాన్‌లో దాని కోసం ప్రత్యేకంగా చూడాలి, రక్తం సిద్ధంగా ఉండే పెద్ద ఆసుపత్రిలోనే కాన్పు పెట్టుకోవాలి.