నాన్న కాలి మీద పెన్ను గీత

మొదటి ఫొటో శనివారం రాత్రి ఏడున్నరకి వచ్చింది. ట్యూబ్‌లైటు వెలుగులో తీసిన నాన్న కుడి కాలు. చీలమండ పైన అరచేయంత మేర కంది, కొంచెం ఉబ్బి ఉంది. "పొలంలో ఏదో కుట్టినట్టుందమ్మా, కొబ్బరినూనె రాశాను" అని అమ్మ వాయిస్ మెసేజ్. నాన్నకి 63 ఏళ్ళు, షుగరు వచ్చి పన్నెండేళ్ళయింది. వాళ్ళుండేది తణుకు దగ్గర పల్లెలో, నేనుండేది హైదరాబాదులో.

నేనూ పురుగేదో కుట్టిందనే అనుకున్నాను. మా పక్క ఫ్లాట్‌లో అక్క ఉంటుంది, సర్జరీ వార్డులో చాలా ఏళ్ళు నర్సుగా చేసింది. మాటల్లో ఆవిడకి ఫొటో చూపించాను. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న ఎరుపు గురించి కాదు. "దురదా, నొప్పా?" అంది. అమ్మకి ఫోన్ చేశాను. దురద లేదు, ముట్టుకుంటే నొప్పి. అమ్మ చేతి వెనుక భాగం ఆనించి చూస్తే ఆ చోటు పెనంలా కాలుతోందట, ఎడమ కాలు మాత్రం మామూలుగానే ఉంది.

"పురుగు కుడితే నడిమధ్య ఎక్కడో చుక్క కనబడుతుంది, దురద ఎక్కువుంటుంది. ఇది ఒక్క కాలికే వచ్చింది, వేడిగా ఉంది, నొప్పి ఉంది. చర్మం లోపలి పొరలకి క్రిములు పట్టే జబ్బులా ఉంది, సెల్యులైటిస్ అంటారు. షుగరు మనిషి కాబట్టి ఇవాళే చూపించండి" అంది అక్క. చామనఛాయ ఒంటి మీద ఈ ఎరుపు ఎర్రగానే కనబడాలని లేదట. ముదురు గోధుమగానో వంగపండు రంగులోనో తేలుతుంది, పైగా ఫోను తన లెక్కలో రంగు మార్చేస్తుంది. అందుకే రంగుని నమ్మకుండా చర్మం సాగి మెరుస్తోందా, నారింజ తొక్కలా సన్నగా గుంటలు పడ్డాయా చూడమంది.

అలా చూడాలంటే ఫొటో మళ్ళీ తీయాలి. రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టి, ఫ్లాష్ లేకుండా, మూరెడు దూరం నుంచి. అంతకన్నా ముందు ఇంకో పని చెప్పింది. కందిన చోటు అంచు వెంబడి బాల్‌పెన్నుతో గీత గీసి, పక్కన టైము రాయమంది. అమ్మ నూనె తుడిచి గీత గీసింది, "8" అని రాసింది. వేళ్ళ సందుల్ని కూడా ఫొటో తీయమంది అక్క. నాలుగో వేలికీ చిటికెన వేలికీ మధ్య చర్మం తెల్లగా నాని చీలి ఉంది. నాట్ల రోజులు, నాన్న కాళ్ళు రోజంతా బురదలోనే. క్రిములు లోపలికి దూరిన దారి అదే.

తీరా నాన్న కదలనన్నారు. ఎదురింటి పెద్దమ్మ వచ్చి చూసి "ఇది అక్కి, పొద్దున్నే కుమ్మరి వాళ్ళింటికి తీసుకెళ్ళి రాయిద్దాం" అంది. అక్కి అయితే ముత్యాల్లాంటి నీటి పొక్కులు గుంపుగా లేస్తాయి. ఇక్కడ పొక్కులే లేవు, చర్మమంతా ఒకే చాపలా కంది ఉంది. పైన జాజు పూస్తే ఆ అంచు ఎటు జరుగుతోందో కనబడకుండా పోయేది. పెద్దమ్మది మంచి మనసే, కానీ ఆ మాట అమ్మకి గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

చివరికి తొమ్మిదింటికి ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు వచ్చి నొప్పికీ జ్వరానికీ ఇంజక్షన్ చేసి వెళ్ళాడు. పదింటికి అమ్మ ఫోన్ చేసింది. "చెమటలు పట్టి ఒళ్ళు చల్లబడింది, నొప్పి కూడా లేదంటున్నారు. పొద్దున చూద్దాంలే." ఆ మాటకి నేనూ తేలికపడి పడుకునేదాన్నే. కానీ అక్క పదకొండింటికి ఇంకో ఫొటో కావాలంది.

వచ్చిన ఫొటోలో గీత లోపల పెద్ద మార్పు లేదు. మార్పంతా గీత బయట ఉంది. మోకాలి వైపు ఎరుపు రెండు వేళ్ళ వెడల్పు దాటేసింది, అదీ మూడు గంటల్లో. అక్కడి నుంచి తొడ లోపలి వైపుకి దారంలా ఒక సన్నని ఎర్ర చార పాకి ఉంది. అమ్మకి అది కనబడనే లేదు, నేను ఫొటో పెద్దది చేస్తేనే తెలిసింది. ఇంజక్షన్ నొప్పినీ జ్వరాన్నీ అణచింది తప్ప క్రిముల్ని ఏమీ చేయలేదు.

ఫొటో చెప్పలేనివి అక్క అమ్మ చేత ఒక్కొక్కటిగా చూపించింది. గజ్జల్లో నొక్కితే బిళ్ళ కట్టి ఉంది. అర నిమిషం నాడి లెక్కపెడితే 59, అంటే నిమిషానికి 118. చలి మళ్ళీ మొదలై నాన్న దుప్పటి కింద వణుకుతున్నారు. అడిగిన మాటే రెండుసార్లు అడుగుతున్నారు. ఆ ఆఖరి మాట వినగానే "ఇక తెల్లారే దాకా ఆగడం లేదు, విషం రక్తంలోకి వెళ్తున్న లక్షణం" అంది అక్క. 108కి చేస్తే దగ్గర్లో బండి లేదన్నారు. బాబాయి కొడుకు కారు తీశాడు. కాలు కిందికి వేలాడకుండా వెనక సీట్లో దిండ్ల మీద పెట్టి పడుకోబెట్టారు.

క్యాజువాలిటీలో బీపీ 90/60, షుగరు 380. అమ్మ ఫోనులో టైములతో ఉన్న ఫొటోలు చూపిస్తే డ్యూటీ డాక్టరు ఇక వేరే ప్రశ్నలు వేయలేదు. కల్చర్‌కి రక్తం తీసి, వెంటనే సెలైనూ నరానికి యాంటీబయాటిక్కూ మొదలుపెట్టారు. అర్ధరాత్రి అయినా సర్జన్‌ని పిలిపించారు. ఆయన కాలిని నెమ్మదిగా నొక్కుకుంటూ, ఎరుపు లేని చోట కూడా విపరీతంగా నొప్పి ఉందా, వేళ్ళ కింద గాలి బుడగల్లా చిటపటలాడుతోందా, నల్లబడిన మచ్చగానీ నీలి పొక్కుగానీ ఉందా అని చూశారు. వాటిలో ఏది ఉన్నా లోపలి పొర కుళ్ళుతోందని అనుమానించి గంటల్లోనే ఆపరేషన్‌కి తీసుకెళ్ళాలట. ఒక్కొక్కప్పుడు పైకి ఏమంత కనబడకుండానే నొప్పి మాత్రం భరించలేనట్టు ఉంటుందనీ, షుగరు వల్ల తిమ్మిరెక్కిన కాలికి ఆ నొప్పి కూడా తెలియకపోవచ్చనీ చెప్పారు. అందుకే తెల్లారేలోపు ఇంకో రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళారు. అవేవీ రాలేదు.

ఆదివారం మధ్యాహ్నానికి నేను చేరాను. సోమవారం పొద్దున కాలు చూసి నా గుండె జారిపోయింది, ఎరుపు ఇంకో వేలు ముందుకి జరిగింది. మందు పని చేయడం లేదేమోనని పరిగెత్తాను. డాక్టరు చార్టు చూపించారు. జ్వరం లేదు, నాడి 88, బీపీ నిలబడింది, చార మసకబడింది. మందు పడ్డాక మొదటి ఒకటి రెండు రోజులు అంచు కొంత జరగొచ్చనీ, మనిషి తేరుకుంటున్నాడా లేదా అన్నదే అప్పుడు ముఖ్యమనీ అన్నారు. మంగళవారం నుంచి ఎరుపు గీత లోపలికి తగ్గుతూ వచ్చింది.

ఆరు రోజులకి ఇంటికి పంపారు. ఇంకో వారానికి మాత్రలు, కాలు ఎత్తు మీద పెట్టుకోమన్నారు, వేళ్ళ సందుల్లో రాసే ఫంగస్ మందు ఇచ్చారు. వాపు పూర్తిగా తగ్గడానికి మూడు వారాలు పట్టింది. పిక్క మీద చర్మం ఉల్లిపొరలా ఊడింది. స్నానం చేయించినప్పుడల్లా అమ్మ ఆ "8" చుట్టూ సబ్బు తగలకుండా చూసేది. చివరికి అది ఆ పొరతోపాటే రాలిపోయింది.