అన్నం మానేయమన్న డాక్టర్, అన్నం పెట్టిన అత్తయ్య

మా బాబుకి మొన్ననే అన్నప్రాసన అయింది. వాడి నోట్లో పరమాన్నం పెడుతుంటే, అన్నాన్ని విషంలా చూసిన ఆ రెండేళ్లు గుర్తొచ్చాయి. ఇప్పుడైనా రాయకపోతే ఇక రాయను.

నా ఎత్తు 160 సెంటీమీటర్లు. పెళ్ళిచూపుల నాటికి 68 కిలోలు. ఒక సంబంధం వాళ్ళు కాఫీలు తాగి వెళ్ళిపోయాక, "పిల్ల బాగుంది, కాస్త తగ్గితే చూద్దాం" అని ఫోన్‌లో చెప్పారు. ఆ మాట పట్టుకుని తగ్గడం మొదలెట్టాను. పెళ్ళినాటికి 55. అక్కడ ఆగాల్సింది. కానీ తగ్గడమే ఒక మత్తయింది. పొద్దున్నే ఎనిమిది కిలోమీటర్ల పరుగు, మధ్యాహ్నం కీరా ముక్కలు, రాత్రికి ఒక గుడ్డు. 47కి దిగినప్పుడు డేట్ రావడం ఆగింది. హాయిగా ఉందనుకున్నానే తప్ప భయపడలేదు.

ఎనిమిది నెలలు గడిచాక, పిల్లల కోసమని హైదరాబాద్‌లోనే ఒక సంతాన సాఫల్య కేంద్రానికి వెళ్ళాం. అప్పటికి 46 కిలోలు. స్కాన్‌లో రెండు అండాశయాల్లోనూ చిన్న చిన్న నీటి బుడగలు కనిపించాయి. అండాల నిల్వని చెప్పే ఏఎంహెచ్ హార్మోన్ ఎక్కువగా ఉంది. డాక్టర్ గారు నా మొహం వైపు చూడకుండానే, "పీసీఓడీ. సన్నగా ఉన్నవాళ్ళకీ వస్తుందమ్మా. అన్నం, స్వీట్లు మానేయండి, రోజూ గంట వ్యాయామం చేయండి" అన్నారు. షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ రాశారు. ఏం తింటున్నానో, ఎంత పరిగెడుతున్నానో, ఏడాది క్రితం ఎంత బరువున్నానో అడగలేదు. నేను చెప్పలేదు కూడా. అన్నం మానేయమన్నందుకు లోపల సంతోషించానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

తర్వాత ఐదు నెలలూ మందులే. డేట్ తెప్పించడానికి పది రోజుల ప్రొజెస్టరాన్ బిళ్లలు ఇచ్చారు. అవి ఆపిన వారంలో బ్లీడింగ్ కావాలి, కాలేదు. "వచ్చే నెల చూద్దాం" అన్నారు. అండం పెరగడానికి క్లోమిఫిన్ రెండుసార్లు వాడారు. స్కాన్‌కి వెళ్ళిన ప్రతిసారీ అండం పెరిగే సంచి, అంటే ఫాలికల్, 7 మిల్లీమీటర్లు, 8 మిల్లీమీటర్లు. విడుదలయ్యే అండం ఉన్న ఫాలికల్ దాదాపు 18 నుంచి 20 దాకా పెరగాలట. పిన్ని ఏమో శనివారం, సోమవారం ఉపవాసం ఉండమంది. ఉన్నాను. మెట్‌ఫార్మిన్‌తో వికారం, దానికి తోడు ఉపవాసం. 44కి వచ్చాను.

ఒక సోమవారం రాత్రి రెండింటికి బాత్రూమ్‌కని లేచాను. తలుపు గొళ్ళెం పట్టుకున్నంత వరకే గుర్తు. కళ్ళు తెరిచేసరికి నేల మీద ఉన్నాను, మా ఆయన నా చేతులు రుద్దుతున్నారు. "ఇంత చల్లగా ఉన్నావేంట్రా" అంటున్నారు, గొంతు వణుకుతోంది. చేతికున్న వాచీలో గుండె వేగం 41. క్యాజువాలిటీకి తీసుకెళ్ళారు. దారి పొడవునా ఒకటే అనుకున్నాను, గుండె ఆగిపోతుందేమో, ఇంకో బీటు పడుతుందా అని. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కూడా లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను.

అక్కడ డ్యూటీలో ఉన్న అమ్మాయికి పాతికేళ్ళు కూడా ఉండవేమో. ఈసీజీ తీసింది, షుగర్ 58 అంది. గ్లూకోజ్ ఎక్కిస్తూ, "నిన్న ఏం తిన్నారక్కా?" అని అడిగింది. ఏమీ లేదన్నాను. "ఆఖరి డేట్ ఎప్పుడు?" పదమూడు నెలలయిందన్నాను. పెన్ను ఆపి నా వైపు చూసింది. "బరువు తగ్గాక ఆగిందా, తగ్గకముందా?" ఐదు నెలలుగా వేల రూపాయలు పోసినచోట అడగని ప్రశ్న అది. హార్మోన్ల డాక్టర్ని, అంటే ఎండోక్రైనాలజిస్ట్‌ని కలవమని ఆ అమ్మాయే చీటీ రాసింది. పేరు అడగడం మర్చిపోయాను. ఇప్పటికీ బాధే.

ఎండోక్రైనాలజిస్ట్ మేడమ్ గర్భం, థైరాయిడ్, ప్రొలాక్టిన్ సంగతులు ముందు తేల్చుకున్నారు. అండాశయాన్ని పని చేయించే ఎల్‌హెచ్ హార్మోన్ అంకె ఒకటి కూడా లేదు. ఈస్ట్రోజన్ అడుగంటింది. గర్భాశయ పొర 3 మిల్లీమీటర్లు. మగ హార్మోన్లు మామూలుగానే ఉన్నాయి, మొటిమలు, అవాంఛిత రోమాలు లేవు. "ఇది పీసీఓడీ కాదు, హైపోథాలమిక్ అమెనోరియా. మెదడు నుంచి హుకుం తగ్గి డేట్ ఆగిపోవడం" అన్నారు.

ఆవిడ కాగితం మీద గీసి చెప్పింది నాకర్థమైనట్టు రాస్తాను. అండాశయానికి హుకుం మెదడు నుంచి రావాలి. మెదడు ప్రతి గంటకో, గంటన్నరకో ఒకసారి చిన్న చిన్న తరంగాలుగా ఆ హుకుం పంపుతుంది. ఒంట్లో కొవ్వు, తిండి సరిపడా ఉన్నాయో లేదో కొవ్వు నుంచి వచ్చే లెప్టిన్ చెబుతుంది. అది పడిపోతే, కరువొచ్చిందనుకుని మెదడు ఆ తరంగాలను నెమ్మదింపజేస్తుంది. ఫాలికల్స్ మొలకెత్తుతాయి గానీ పెరగవు. ఆ మొలకలే స్కాన్‌లో నీటి బుడగల్లా కనబడి పీసీఓడీ అని మోసం చేస్తాయి. ప్రొజెస్టరాన్ బిళ్లలకి బ్లీడింగ్ రాలేదంటే, రాలడానికి పొరే లేదన్నమాట. క్లోమిఫిన్ పని చేయాలంటే ముందు ఒంట్లో ఈస్ట్రోజన్ ఉండాలి. నాకు అదే లేదు.

మా ఆడపడుచు కథ దీనికి తిరగేసి. తను 92 కిలోలు, నిజంగానే పీసీఓడీ. ఎక్కువైన ఇన్సులిన్ అండాశయంలో మగ హార్మోన్లను పెంచి అండాన్ని ఆపేస్తుందట. 7 కిలోలు తగ్గగానే తనకి నెలనెలా రావడం మొదలైంది. అంటే ఆ "తగ్గండి, అన్నం తగ్గించండి" తనకి మందు. అదే మాట నన్ను నేల మీద పడేసింది.

పరుగు బంద్, ఉపవాసాలు బంద్, మూడు పూటలా భోజనం, మధ్యలో మూడుసార్లు చిరుతిండి. వినడానికి సులువు. తెనాలి నుంచి అత్తయ్య సున్నుండల డబ్బాతో దిగారు. "ఎప్పుడు చెబుతావే శుభవార్త" అని ఒక్కసారి కూడా అడగలేదావిడ. "ఇంకో ముద్ద తినమ్మా" అని మాత్రం అనేవారు. మొదటి నెల కాళ్ళు వాచాయి, పొట్ట ఉబ్బింది. 48కి వచ్చాక పాత జీన్స్ బొత్తాం పట్టక మంచం మీద కూర్చుని ఏడ్చాను. మేడమ్ సలహా మీద తూకం మిషన్ మీద వెనక్కి తిరిగి నిలబడేదాన్ని, అంకె ఆయన రాసుకునేవారు. కౌన్సెలింగ్‌కీ వెళ్ళాను. అదొక్కటే ఖర్చుకి తగ్గట్టు అనిపించింది.

ముందు చేతులు వెచ్చబడ్డాయి. తర్వాత గుడ్డు తెల్లసొనలా సాగే తెల్లబట్ట కనబడింది. ఏడో నెలలో, 52 కిలోల దగ్గర, ఆఫీసులో ఉండగా డేట్ వచ్చింది. బాత్రూమ్‌లోంచే ఆయనకి ఫోన్ చేశాను, మాట రాలేదు. ఆ తర్వాతి సైకిల్ 44 రోజులు పట్టింది. దాని తర్వాతది 36. ఫాలికల్ 19 మిల్లీమీటర్లు వచ్చి పగిలింది కూడా. నాలుగో సైకిల్‌లో బాబు. అందరికీ బరువు రాగానే ఇలా జరిగిపోదనీ, కొందరికి ఏడాది పైనే పడుతుందనీ, కొందరికి ఇంజెక్షన్లు కావాలనీ మేడమ్ ముందే హెచ్చరించారు. అన్నాళ్ళు ఈస్ట్రోజన్ లేక పల్చబడ్డ నా ఎముకలు ఇంకా పల్చగానే ఉన్నాయి. ఆ బాకీ ఎప్పటికి తీరుతుందో.

ఆ కేంద్రానికి ఫైలు పట్టుకెళ్ళి బల్ల మీద కొట్టాలని చాలాసార్లు అనుకున్నాను. వెళ్ళలేదు. మీరెవరైనా బాగా సన్నబడ్డాక డేట్ ఆగి, పీసీఓడీ అనిపించుకుని ఉంటే, ఎల్‌హెచ్, ఈస్ట్రోజన్ చూడమని అడగండి. ఏం తింటున్నారో వాళ్ళు అడగకపోయినా మీరే చెప్పండి. నేను దాచాను కాబట్టి చెబుతున్నాను.

చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చేసి మొక్కుకున్నాం, కోరిక తీరాక నూట ఎనిమిది. బాబు పుట్టాక వెళ్ళాం. అన్ని చుట్లు తిరగాలంటే నాకు మళ్ళీ ఆ పరుగు గుర్తొచ్చి కాళ్ళు ఆగిపోయాయి. ఆయనే తిరిగారు, కాగితం మీద గళ్ళు కొట్టుకుంటూ. నేను బాబుని ఒళ్ళో వేసుకుని చెట్టు కింద కూర్చుని, అత్తయ్య కట్టిచ్చిన పులిహోర మొత్తం తినేశాను.