చెస్ట్ డ్రెయిన్ ప్రశ్నలో నేను తడబడిన చోటు

సర్జరీ వైవాలో, ఛాతీలో చేరిన గాలిని బయటికి పంపే చెస్ట్ డ్రెయిన్ సీసా, గొట్టం బల్ల మీద పెట్టి ఎగ్జామినర్ నన్ను అడిగిన ప్రశ్న ఇది: ‘ఈ నీళ్లు ముడుచుకున్న ఊపిరితిత్తిని ఎలా విప్పుతాయి?’ నేను తడుముకోకుండా, ‘గాలిని లాగేస్తాయి సార్’ అన్నాను. ‘నీళ్లకు లాగే శక్తి ఎక్కడిది?’ అని ఆయన అడిగేసరికి నోట మాట రాలేదు. ఆ రోజు మార్కులు పోయాయి. గొట్టం పెట్టే పద్ధతి కంఠస్థం చేశాను గానీ, అది ఎందుకు పనిచేస్తుందో ఒక్కసారీ ఆలోచించలేదు.

రెండో ప్రయత్నానికి ముందు సీసాలో నీళ్లు పోసి, ఒక ప్లాస్టిక్ గొట్టం చివరను 2 సెం.మీ. లోతులో ముంచి ఊదాను. సులువుగా బుడగలు వచ్చాయి. పీల్చాను. గాలి రాలేదు, నీళ్లు గొట్టంలో పైకి ఎక్కాయి. అంతే, నీళ్లు లాగడం లేదు, తలుపులా పనిచేస్తున్నాయి. బయటికి పోయేదాన్ని పోనిస్తాయి, లోపలికి వచ్చేదాన్ని ఆపుతాయి.

ఇదే రోగి ఛాతీలో చూడండి. ఊపిరితిత్తి ముడుచుకోవాలని, ఛాతీ గోడ విచ్చుకోవాలని చెరోవైపు లాగుతుంటాయి కాబట్టి వాటి మధ్య ప్లూరల్ కుహరంలో, మామూలుగా ఊపిరి వదిలిన చివర, దాదాపు -5 సెం.మీ. నీటి ఒత్తిడి ఉంటుంది. న్యూమోథొరాక్స్‌లో అక్కడికి గాలి చేరుతుంది, ఆ లాగుడు పోతుంది, ఊపిరితిత్తి తన సాగే గుణం కొద్దీ ముడుచుకుంటుంది. డ్రెయిన్ పెట్టాక, రోగి దగ్గినప్పుడో గట్టిగా ఊపిరి వదిలినప్పుడో కుహరంలో ఒత్తిడి గొట్టం మునిగిన లోతును, అంటే +2 సెం.మీ. నీటిని దాటితే గాలి బుడగలై బయటపడుతుంది. మళ్లీ పీల్చినప్పుడు బయటి గాలి తిరిగి వెళ్లలేదు. ఇలా గాలి తగ్గేకొద్దీ కుహరంలో రుణ ఒత్తిడి తిరిగి వస్తుంది, శ్వాసనాళం గుండా వచ్చే వాతావరణ గాలి ఊపిరితిత్తిని లోపలి నుంచి నింపుతుంది. దగ్గమని రోగిని ఎందుకు అడుగుతారో నాకు అప్పుడు అర్థమైంది.

సీసా ఎందుకు వెడల్పుగా ఉండాలి? ఇది లెక్క వేసి చూస్తేనే మనసులో నిలుస్తుంది. గొట్టం లోపలి వ్యాసం 1 సెం.మీ. అనుకుంటే అడ్డకోత వైశాల్యం సుమారు 0.8 చదరపు సెం.మీ. రోగి గట్టిగా పీల్చి నీళ్లు 20 సెం.మీ. పైకెక్కితే గొట్టంలో చేరేది 16 మి.లీ. అడుగు వైశాల్యం 100 చదరపు సెం.మీ. ఉన్న సీసాలో మట్టం 0.16 సెం.మీ. మాత్రమే తగ్గుతుంది. అదే 10 చదరపు సెం.మీ. ఉన్న సన్నని పాత్రలో 1.6 సెం.మీ. తగ్గుతుంది. ఇంకొంచెం గట్టిగా పీలిస్తే గొట్టం చివర బయటపడి గాలి లోపలికి పోతుంది. సీసాను ఛాతీకి దాదాపు 100 సెం.మీ. కింద ఉంచేది కూడా ఇలా పైకెక్కే నీళ్ల వల్లే. ఎంత గట్టిగా పీల్చినా నీళ్లు ఛాతీ దాకా ఎక్కకూడదు. రోగిని తరలించేటప్పుడు సీసాను మంచం మీద పెట్టేవాళ్లు ఇది మరిచిపోతారు.

రెండోసారి వైవాలో ఇచ్చిన కేసు: గాలితో పాటు రక్తం కూడా ఉన్న ఛాతీ, ఒకే సీసా, సాయంత్రానికి 600 మి.లీ. రక్తం చేరింది. ఉదయం బుడగలు బాగా వచ్చాయి, ఇప్పుడు దాదాపు లేవు, కానీ ఊపిరి ఇంకా ఇబ్బందిగానే ఉంది. అడుగు 100 చదరపు సెం.మీ. అయితే మట్టం 6 సెం.మీ. పెరిగింది. 2 సెం.మీ. మునిగిన గొట్టం ఇప్పుడు 8 సెం.మీ. లోతులో ఉంది. బయటపడాలంటే గాలికి +8 దాటిన ఒత్తిడి కావాలి, అది మామూలు ఊపిరికి రాదు. ఇంట్లో గొట్టాన్ని అంత లోతుకు దించి ఊది చూశాను కాబట్టి ఈ జవాబు పుస్తకం నుంచి కాదు, బుగ్గల నుంచి వచ్చింది. సీసా మార్చాలి, లేదా రక్తం పట్టడానికి మొదట ఒక సీసా, దాని తర్వాత నీళ్ల తలుపుకు, అంటే సీల్‌కు, వేరే సీసా వాడాలి. అప్పుడు సీల్ లోతు 2 సెం.మీ. దగ్గరే ఉంటుంది.

చివరి ప్రశ్న: ‘మూడో రోజు, ఊపిరితో పాటు గొట్టంలో పైకీ కిందికీ ఆడే నీటి ఊపు ఆగింది, బుడగలూ లేవు. తీసేస్తావా?’ వెంటనే తీయనన్నాను. ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకుని గొట్టాన్ని కప్పేసినా ఊపు ఆగుతుంది, గొట్టం మడతపడినా, గడ్డకట్టిన రక్తంతో మూసుకుపోయినా ఆగుతుంది. ముందు గొట్టాన్ని చర్మం నుంచి సీసా దాకా చేత్తో తడిమి చూస్తాను, దగ్గమని కదలికను గమనిస్తాను, రెండు వైపులా శ్వాస శబ్దాలు విని ఎక్స్‌రే తీయిస్తాను. ‘బుడగలు వస్తూనే ఉంటే గొట్టాన్ని క్లాంప్‌తో బిగించవచ్చా?’ అన్నారు. బిగిస్తే లీకయ్యే గాలికి దారి మూసుకుపోతుంది, గాలి పేరుకుని ఊపిరితిత్తినీ గుండెనూ నొక్కే టెన్షన్ న్యూమోథొరాక్స్ రావచ్చు అన్నాను. ఆయన తల ఊపి తర్వాతి ఎక్స్‌రే ఫిల్మ్ తీశారు.