మూడు వారాలు దాటిన దగ్గు: కర్నూలులో నా అనుభవం

నవంబరు చివర్లో జలుబు చేసింది, నాలుగు రోజుల్లో ముక్కు కారడం ఆగిపోయింది కానీ దగ్గు మాత్రం పోలేదు. నేను కర్నూలు పాతబస్తీలో ఇంటి ముందు గదిలోనే టైలరింగ్ చేస్తాను. మిషన్ మీద వంగి కుట్టేటప్పుడు దగ్గు తెర వస్తే కుట్టు వంకర పోయేది, మళ్ళీ విప్పి కుట్టుకునేదాన్ని. రెండు సిరప్పు సీసాలు అయిపోయాయి. ఇరవై రెండో రోజు మెడికల్ షాపులో అడిగితే ఐదు రోజులు వేసుకోమని ఒక స్ట్రిప్ ఇచ్చారు. దాని మీద లెవోఫ్లాక్సాసిన్ అని ఉంది. ఆ రాత్రి నుంచే మొదలుపెడదామనుకున్నా కానీ మా ఆయన "రేపు డాక్టర్‌కు చూపిద్దాం, అంతదాకా ఆగు" అన్నాడు. ఆగడం ఎంత మంచిదైందో మరుసటి రోజు తెలిసింది.

డాక్టరమ్మ ఆ స్ట్రిప్ చూసి పక్కన పెట్టేసింది. "ఇది మామూలు యాంటీబయాటిక్ అనుకుంటారమ్మా, కానీ ఇది టీబీ క్రిమి మీద కూడా పనిచేస్తుంది. నీకు టీబీయే ఉంటే ఈ ఐదు రోజుల్లో కొంచెం తగ్గినట్టు ఉంటుంది, తెమడలో క్రిమి దొరక్కుండా పోవచ్చు, రెండు నెలల తర్వాత మళ్ళీ ముదిరి బయటపడుతుంది. ముందు తెమడ ఇవ్వు, మందు సంగతి తర్వాత" అంది. మన దేశంలో రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికున్నా తెమడ పరీక్ష చేయించాలన్నది టీబీ కార్యక్రమం నియమమట. నేను అప్పటికే ఇరవై మూడో రోజులో ఉన్నా. సాయంత్రం జ్వరం వస్తోందా, రాత్రి చెమటలు పట్టి జాకెట్టు తడుస్తోందా, బరువు తగ్గావా, తెమడలో రక్తం పడిందా, ఇంట్లో ఎవరికైనా టీబీ మందులు వాడారా అని ఒక్కొక్కటే అడిగింది. అన్నిటికీ లేదనే చెప్పాను. ఇవేవీ లేకపోయినా పరీక్ష తప్పదంది.

పెద్దాసుపత్రిలో పరీక్షకు డబ్బేమీ తీసుకోలేదు. మూత ఉన్న చిన్న డబ్బా ఇచ్చారు. అందులో నేను వేసింది చూసి అక్కడి అమ్మాయి "ఇది ఉమ్మి అక్కా, తెమడ కాదు, ఉమ్మిలో ఏం దొరకదు" అని ఇంకో డబ్బా ఇచ్చింది. ఎలా తీయాలో కూడా చెప్పింది. తెల్లవారి లేచీలేవగానే, ఏమీ తినకముందు, మామూలు నీళ్ళతో నోరు పుక్కిలించి, ఇంట్లో కాకుండా ఆరుబయట నిలబడి, మూడు సార్లు నిండా గాలి పీల్చి వదిలి, నాలుగోసారి పొట్ట లోపలి నుంచి దగ్గాలి. మరుసటి ఉదయం మిద్దె మీద చలిలో నిలబడి ఆ పని చేస్తే డబ్బా అడుగున చిక్కగా, జిగటగా పడింది. ఆ తేడా కంటితో చూస్తే తెలిసిపోతుంది. మిషన్‌లో క్రిమి జన్యువును వెతికే పరీక్ష చేశారు, ఛాతీ ఎక్స్‌రే కూడా తీశారు. ఫలితం వచ్చేదాకా నా గ్లాసు నేనే వేరు పెట్టుకున్నా, పిల్లలను పక్కన పడుకోనివ్వలేదు. మా అత్త "ఏమైనా మందు ఉంది కదా అమ్మీ, ఎందుకు అట్ల కుమిలిపోతావు" అనేది. తెమడలో క్రిమి లేదు, ఎక్స్‌రే శుభ్రంగా ఉంది.

టీబీ కాదంటే మరేమిటి? డాక్టరమ్మ మూడు మాటలు చెప్పింది. జలుబు తగ్గాక గొంతులో, గాలి గొట్టాల్లో వాపు మిగిలి వచ్చే దగ్గు ఒకటి, అది ఎనిమిది వారాల దాకా ఉండొచ్చు కానీ వారం వారం బలహీనపడాలి. కడుపులో పులుపు పైకి తన్నడం వల్ల వచ్చేది రెండోది. మూడోది పిల్లికూతలు లేకుండా దగ్గు ఒక్కటే కనిపించే ఉబ్బసం. మూడింటికీ మందులు ఒకేసారి రాసివ్వమని అడిగాను, పని ఆగిపోతోంది కదా. "ఇస్తే తగ్గొచ్చు, కానీ ఏది తగ్గించిందో తెలీక మూడూ ఏడాదంతా మింగుతావు" అంది. ఆ మాట నాకు నచ్చింది, ఎందుకంటే కుట్టు తప్పినప్పుడు అన్ని సీములూ ఒకేసారి విప్పితే తప్పు ఎక్కడుందో నాకూ తెలీదు.

పుల్లని నీళ్ళు నోట్లోకి రావడం, గుండెల్లో మంట, తిన్నాక దగ్గు రావడం ఏవీ నాకు లేవు. మంట లేని మనిషికి దగ్గు కోసం గ్యాస్ మాత్ర ఇస్తే సాధారణంగా ఉపయోగం ఉండదని, అందుకే ఇప్పుడే రాయనని చెప్పింది. కానీ మేము రాత్రి పదికి సంగటి తిని వెంటనే పడుకుంటాం. అది ఒక్కటి మార్చి చూడమంది. పది రోజులు ఏడున్నరకే తిన్నాను. అయినా తెల్లవారుజామున మూడు గంటలకు లేపే దగ్గు ఆ టైముకే వచ్చింది.

నిజానికి జవాబు ఆ టైములోనే ఉందట. తెల్లవారుజామున మూడు, నాలుగు మధ్య లేపే దగ్గు, మిరపకాయ తాలింపు ఘాటుకు, సాంబ్రాణి పొగకు, కొత్త గుడ్డ విప్పినప్పుడు లేచే నూగుకు, పిల్లలతో గట్టిగా నవ్వితే వచ్చే దగ్గు. మా నాయనకు ఉబ్బసం ఉండేది. ఆరో వారానికి కూడా తగ్గలేదు, ఇంకొంచెం పెరిగింది. ఆసుపత్రిలో పట్టపగలు చేసిన ఊదే పరీక్ష మాత్రం నార్మల్ వచ్చింది. ఉబ్బసంలో గాలి గొట్టాలు రాత్రి బిగుసుకుని పగలు తెరుచుకుంటాయి కాబట్టి మధ్యాహ్నం పరీక్షలో దొరక్కపోవచ్చని చెప్పి, పీక్ ఫ్లో మీటర్ కొనుక్కోమంది. గొట్టంలా ఉంటుంది, నిలబడి నిండా గాలి పీల్చి ఒక్క ఊపుతో ఊదితే ముల్లు కదిలి గాలి ఎంత వేగంగా బయటికి వచ్చిందో అంకె చూపిస్తుంది. పొద్దున మూడు సార్లు, సాయంత్రం మూడు సార్లు ఊది పెద్ద అంకె రాయాలి. రెండు వారాలు కొలతల పుస్తకం చివరి పేజీలో, జాకెట్ కొలతల వెనక, రాశాను. పొద్దున 290 దగ్గర, సాయంత్రం 360 దగ్గర, కొంచెం అటూ ఇటూగా రోజూ అదే. తేడా 70, రెండింటి సగటు 325, అంటే నూటికి ఇరవైకి పైనే. పెద్దవాళ్ళలో ఈ సగటు తేడా నూటికి పది దాటితే ఉబ్బసాన్ని అనుమానించాలట.

ఎనిమిదో వారంలో స్టిరాయిడ్ ఇన్‌హేలర్ ఇచ్చింది, దానికి తగిలించే స్పేసర్ అనే గొట్టం పెట్టుకుని పొద్దున, రాత్రి. అత్తకు టెన్షన్ పట్టుకుంది, "అది పట్టుకుంటే జీవితాంతం వదలదంటారే" అని. మాత్రలో మిల్లీగ్రాముల్లో ఉండే మందు ఇందులో మైక్రోగ్రాముల్లో నేరుగా ఊపిరితిత్తులకే పోతుందని, పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలని డాక్టరమ్మే ఆమెకు చెప్పింది. మొదటి వారం ఏ మార్పూ లేదు, అది పనిచేయడానికి వారాలు పడుతుందని ముందే చెప్పబట్టి ఆపలేదు. మూడో వారంలో ఒక రాత్రి లేవకుండా తెల్లారిపోయింది. నెల తిరిగేసరికి పొద్దున 350, సాయంత్రం 370.

ఇప్పుడు రెండు పూటలా అదే మందు. మూడు నెలలు బాగుంటే మోతాదు తగ్గించి చూస్తానంది. అంతదాకా కొలతల పుస్తకం వెనక పేజీలో అంకెలు రాస్తూనే ఉన్నా, కొత్త గుడ్డ విప్పేటప్పుడు ముక్కుకు కొంగు కట్టుకుంటున్నా.